439 మార్కులతో లాంగ్ టర్మ్‌కు వెళ్లాలా, వద్దా: నా అనుభవం

2024 జూన్ 4న నీట్ ఫలితాలొచ్చాయి. నాకు 720కి 439. ర్యాంకు మూడు లక్షలకు అటూ ఇటూ. మాది పరకాల దగ్గర ఊరు. బాపుకు నాలుగెకరాల పత్తి. ఆ రోజుల్లో మా ఇంట్లో విత్తనాల మాట, ఏడాది కోచింగ్ తీసుకుని మళ్లీ నీట్ రాసే నా లాంగ్ టర్మ్ మాట రెండూ కలిపే నడిచాయి, ఎందుకంటే రెండింటికీ డబ్బు ఒక్క చోటి నుంచే రావాలి.

మొదట తప్పుదారి పట్టించింది పోయిన ఏడాది లెక్క. హన్మకొండలో ఒక కోచింగ్ సెంటర్‌కు వెళితే అక్కడి సారు 2023లో ఎంబీబీఎస్ సీటొచ్చినవాళ్ల మార్కులు చూపించి, "ఇంకొక్క నలభై, యాభై మార్కులు చాలమ్మా" అన్నాడు. బాపు ముఖం వెలిగిపోయింది. కానీ 2024లో మార్కులు విపరీతంగా పెరిగాయి. అంతకు ముందు ఏడాది మంచి ర్యాంకు తెచ్చిన మార్కులకు ఈసారి చాలా వెనకటి ర్యాంకు వచ్చింది. అందుకే మార్కులతో మార్కులను పోల్చడం మానేశాను. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ప్రతి విడత కౌన్సెలింగ్ తర్వాత ఏ ర్యాంకుకు ఏ కాలేజీ వచ్చిందో జాబితా పెడుతుంది. పాత జాబితా తీసి, మా కేటగిరీలో చివరి కన్వీనర్ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూశాను. ఆ ర్యాంకుకు 2024లో ఎన్ని మార్కులు కావాల్సి వచ్చేవో వెతికితే నాకు వంద దాకా తక్కువ తేలింది. నలభైకీ వందకూ చాలా తేడా ఉంది.

ఆ వంద ఎక్కడి నుంచి వస్తాయో తెలియకుండా బాపును డబ్బు అడగబుద్ధి కాలేదు. నా ఓఎంఆర్ కాపీ, ఫైనల్ కీ, ప్రశ్నపత్రం మూడూ బస్టాండ్ దగ్గర జిరాక్స్ చేయించి తెచ్చుకున్నాను. బయాలజీలో 14 తప్పులు, 2 వదిలేసినవి. కెమిస్ట్రీలో 16 తప్పులు, 1 వదిలేసింది. ఫిజిక్స్‌లో 19 తప్పులు, 6 వదిలేసినవి. మొత్తం 58 ప్రశ్నలు. వాటిని మంచం మీద పరుచుకుని రెండు రోజులు కూర్చున్నాను. ఒక్కో ప్రశ్న పక్కన మూడింటిలో ఒక గుర్తు పెట్టాను: అసలు చదవనిది, చదివి మరిచిపోయింది, తెలిసి కూడా తొందరలో తప్పు పెట్టింది.

ఇక్కడ మనల్ని మనం మోసం చేసుకోవడం చాలా తేలిక. చూడగానే ప్రతి ప్రశ్నా "అయ్యో, ఇది తెలుసు కదా" అనిపిస్తుంది. అందుకే ఒక షరతు పెట్టుకున్నాను. కీ మూసేసి, ఆ ప్రశ్నను తెల్లకాగితం మీద మళ్లీ చేయాలి. పుస్తకం ముట్టకుండా సరిగ్గా వస్తేనే అది తొందర తప్పు. పుస్తకంలో ఒక పేజీ చూశాక వస్తే మరిచిపోయింది. చూసినా రాకపోతే చదవనిదే. మొదట తొందర తప్పులు ముప్పై ఉంటాయనుకున్నాను. ఈ షరతుతో 13కు పడిపోయాయి. మరిచిపోయినవి 24. వాటిలో ఎక్కువ ఇనార్గానిక్ కెమిస్ట్రీ, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో వాక్యం వాక్యం చదవాల్సిన బయాలజీ. మేం ఇంటర్‌లో తెలుగు అకాడమీ పుస్తకాలే ఎక్కువ చదివాం. మిగిలిన 21 అసలు రానివి, ముప్పావు వంతు ఫిజిక్సే.

తప్పు పెట్టింది సరిదిద్దుకుంటే నాలుగు మార్కులు రావడమే కాదు, తప్పుకు పోయిన ఒకటి కూడా మిగులుతుంది. అంటే ఒక్కో దానికి ఐదు. 13లో 8, 24లో సగం బాగుపడతాయనుకుంటే ఇరవై ప్రశ్నలకు వంద. 21 రానివాటి మీద నేను ఏ ఆశా పెట్టుకోలేదు, వాటిలో ఏమొచ్చినా లాభమే అనుకున్నాను. వంద మార్కులకు దారి కనిపించింది, కానీ ఇరుకు దారి. అందుకే జూన్‌లో మూడు వారాలు ఇంట్లోనే ఆ 24 ప్రశ్నల పాఠాలు చదువుతూ, ప్రతి ఆదివారం ఒక పాత పేపరు టైం పెట్టుకుని రాశాను. మూడో ఆదివారానికి కెమిస్ట్రీలో 20 మార్కులు పెరిగాయి, ఫిజిక్స్ కదల్లేదు. ఆ రెండు సంగతులూ బాపుకు ఉన్నదున్నట్టు చెప్పాను.

ఇక డబ్బు. హైదరాబాద్‌లో హాస్టల్‌తో కలిపి లక్షా తొంభై వేలు చెప్పారు. హన్మకొండలో డే స్కాలర్‌కు డెబ్బై ఐదు వేలు. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు బస్సు ఉచితమే, కానీ పోను రాను రోజుకు మూడు గంటలు పోతాయి. అందుకే నెలకు అయిదున్నర వేల హాస్టల్ వేసుకున్నాం, పది నెలలకు యాభై ఐదు వేలు. పుస్తకాలు, టెస్టులు ఎనిమిది వేలు. మొత్తం లక్షా ముప్పై ఎనిమిది వేలు. ఫీజు మూడు విడతల్లో కడతామని, మధ్యలో మానేస్తే మిగతావి అడగకూడదని కాగితం మీద రాయించుకున్నాం. ఒకేసారి కడితే పదివేలు తగ్గిస్తామన్నా ఒప్పుకోలేదు.

ముందు బీఫార్మసీలో చేరి పక్కన చదువుదామనీ అనుకున్నాను. మా సీనియర్ ఒకామె అలా చేరి, మానేద్దామంటే ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం కాలేజీ చుట్టూ తిరగాల్సి వచ్చింది. అది చూసి వద్దనుకున్నాను. ఎప్‌సెట్ ఎలాగూ మళ్లీ రాయొచ్చు, కాబట్టి బీఫార్మసీ దారి మూసుకుపోదు.

బాపు అంతా విని ఒక్కటే అన్నాడు: "ఒక్క పంట పోయిందనుకుంటే తట్టుకుంటం బిడ్డా. రెండో ఏడు అప్పు తేవాలంటే మాత్రం లేవలేం." ఆ మాటతోనే రెండు గీతలు గీసుకున్నాం. ఒక్క ఏడాదే. జనవరిలో మూడు గ్రాండ్ టెస్టుల సగటు 490 దాటకపోతే చివరి విడత ఫీజు కట్టకుండా ఇంటికొచ్చి ఎప్‌సెట్ మీద కూర్చోవాలి.

మూడింట్లో 505, 518, 497 వచ్చాయి. ఆ జనవరిలోనే నీట్‌లో ఛాయిస్ ప్రశ్నలు తీసేశారు, 200 నిమిషాల పరీక్ష 180 నిమిషాలైంది. నిజం చెప్పాలంటే ఆ వారం చాలా టెన్షన్ పడ్డాను. ఓఎంఆర్ నింపడంతో సహా బయాలజీని యాభై నిమిషాల్లో ముగించడం మళ్లీ మొదటి నుంచి అలవాటు చేసుకున్నాను.

2025 మే 4న ఫిజిక్స్ చాలా కష్టంగా వచ్చింది. నాకు 471. నేను వేసుకున్న వంద రాలేదు, పెరిగింది 32 మాత్రమే. కానీ అందరికీ మార్కులు తగ్గడంతో ర్యాంకు లక్ష లోపుకొచ్చింది. రెండో విడతలో కన్వీనర్ సీటు వచ్చింది.

ఆ జూన్‌లోనే మా చిన్నాన్న కూతురు తన పేపరు పట్టుకుని వచ్చింది. తనకు 310. అదే మంచం మీద, అదే షరతుతో ఇద్దరం కూర్చుని గుర్తులు పెట్టాం. తొందర తప్పులు 6, మరిచిపోయినవి 19, చదవనివి 65. తను అప్పటికే ఒక ఏడాది లాంగ్ టర్మ్ చేసి ఉంది. ఎప్‌సెట్ ర్యాంకు ఎంతో అడిగాను. ఆ సాయంత్రమే చిన్నాన్నకు ఫోన్ చేసి, బీఫార్మసీ వెబ్ ఆప్షన్లలో హన్మకొండ చుట్టుపక్కల కాలేజీలు ఏ వరుసలో పెట్టాలో రాయడం మొదలుపెట్టాం.