ఉబ్బిన ఫోన్ బ్యాటరీ ఊడదీశాను: నా అనుభవం

అమ్మ ఫోన్ వెనక మూత ఒక పక్క లేచింది. బ్యాటరీ ఉబ్బిందని చూడగానే తెలిసింది. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక షాపుకి తీసుకెళ్తే, "ఏం కాదు సార్, గమ్ ఊడింది" అంటూ అక్కడి కుర్రాడు మూతని బొటనవేళ్లతో గట్టిగా నొక్కాడు. బ్యాటరీ లోపల ఎలక్ట్రోలైట్ అనే ద్రవం పాడై పుట్టే వాయువుల వల్లే అలా ఉబ్బుతుంది, వాటిలో మండేవీ ఉంటాయి. అలా నొక్కితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి షార్టవ్వచ్చు. ఫోన్ లాక్కుని వచ్చేశాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు. రిపేరు రాకపోతే రాదని చెప్పాలి గానీ జనం ప్రాణాలతో ఆడుకోకూడదు.

ఛార్జింగ్ జోలికి పోకుండా, డాబా మీద సిమెంటు నేలపై స్క్రీన్ వెలిగించి పెట్టి, ఛార్జి పూర్తిగా దిగేదాకా వదిలేశాను. పక్కన బకెట్టు నిండా పొడి ఇసుక. కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకున్నాను. మూత తీయడం, స్క్రూలు విప్పడం, ప్లాస్టిక్ పుల్లతో బ్యాటరీ కనెక్టర్ లేపడం తేలిగ్గానే అయ్యాయి.

అసలు పరీక్ష బ్యాటరీని ఫోన్‌కి అంటించిన జిగురు. అది మెత్తబడటానికి ఆల్కహాల్ అడిగితే మందుల షాపులో శానిటైజర్ చేతిలో పెట్టారు. అందులో నీళ్లుంటాయి, పనికిరాదు. మొబైల్ స్పేర్లు అమ్మేచోట 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికింది. ఫోన్‌ని కాస్త వాల్చి పట్టుకుని, సిరంజితో బ్యాటరీ అంచు వెంట నాలుగైదు చుక్కలే వేశాను. ఎక్కువ పోస్తే స్క్రీన్ లోపలికి దిగి మరక పడుతుంది. రెండు మూడు నిమిషాలు ఆగాక, పళ్ల సందులు శుభ్రం చేసే ఫ్లాస్ దారాన్ని పై మూల కిందకి దూర్చి, రంపం కోసినట్టు అటూ ఇటూ లాగాను. సగం దాకా బాగానే వచ్చి, మధ్యలో బిగుసుకుపోయింది. గట్టిగా లాగితే దారం తెగింది. ఇక్కడే చాలామంది స్క్రూడ్రైవర్ దూర్చి లేపుతారు. దానితో బ్యాటరీ పైరేకు చిల్లుపడినా, బ్యాటరీ వంగినా మంటే. వేడిగాలి మెషీన్ కూడా వద్దు. ఉబ్బిన సెల్‌కి వేడి తగలకూడదు. మళ్లీ చుక్కలు వేసి, ఆగి, కొత్త దారంతో రెండో పక్క నుంచి మొదలెట్టాను. ముక్కు మాత్రం అక్కడే పెట్టుకున్నాను. ఆల్కహాల్ వాసన కాకుండా నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి తియ్యటి వాసన వస్తే సెల్ కారుతోందని అర్థం, వెంటనే ఇసుకలో పడేసి దూరంగా పోవాలి. అలాంటిదేమీ రాలేదు. చివర్లో జిగురు తెల్లటి తీగలుగా సాగి, బ్యాటరీ వంగకుండా చేతిలోకొచ్చింది. షాపు వాళ్లు చేయలేనిది చేశాను, ఆ మాట ధైర్యంగా చెప్తాను.

కనెక్టర్‌కి టేపు చుట్టి, ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, ఇంటి బయట ఉంచాను. ఆల్కహాల్ పూర్తిగా ఆరాకే కొత్తది బిగించాను. పాతది ఇద్దామని సర్వీస్ సెంటర్‌కి వెళ్తే చెత్తలో పడేయమన్నారు. చెత్తబండిలో నలిగితే అదే అంటుకుంటుంది. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదేనని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చూపించి అక్కడే కూర్చున్నాను. చివరికి తీసుకున్నారు.