బెంచ్ జీతాల లెక్క బ్యాంకుకు అర్థమయ్యేలా చెప్పడానికి పడ్డ పాట్లు

నిన్ననే బ్యాంకు అప్పు శాంక్షన్ లెటర్ చేతికొచ్చింది. భీమవరంలో 20 మంది ఇంజనీర్లతో అమెరికా క్లయింట్లకు పనిచేసే కంపెనీ మాది. ఎగుమతిదారులకిచ్చే ఐఈసీ కోడ్, పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి జీఎస్టీలో ఇచ్చే ఎల్‌యూటీ ఆన్‌లైన్‌లోనే అయిపోయాయి. ప్రాణం తీసింది బ్యాంకుకిచ్చిన ప్లానే.

మాకు రేటు గంటకు 15 డాలర్లు. సెలవులు తీసేస్తే మనిషికి నెలకు 150 గంటలు. అందరికీ పనుంటే, డాలరు 85 రూపాయల లెక్కన నెలకు 38 లక్షల పైచిలుకు. కానీ నేను యుటిలైజేషన్ 75 శాతమే వేశాను. అంటే 15 మందికే బిల్లు, ఐదుగురు బెంచ్ మీద, ప్రాజెక్టు లేకపోయినా జీతం ఇస్తూనే ఉండాలి. రాబడి 28.7 లక్షలు, జీతాలు, అద్దె, జనరేటర్ అన్నీ కలిపి ఖర్చు 24 లక్షలు.

మేనేజర్ గారు ఆ కాగితం మీద వేలు పెట్టి, చుట్టూ చెరువుల రైతులు కూర్చుని ఉండగా గట్టిగా అడిగారు. "ఐదుగురు ఖాళీ అని మీరే రాశారు. ఖాళీగా ఉన్నవాళ్లకి నెలకి నాలుగున్నర లక్షలు దేనికండీ? మానిపించెయ్యండి." పైగా చేతిలో సరుకెంతుందో చూపే స్టాక్ స్టేట్‌మెంట్ ఏదన్నారు. అందరూ నావైపు తిరిగి చూశారు. తల కొట్టేసినట్టయింది. ఊళ్లో ప్రాజెక్టు రిపోర్టులు రాసే కన్సల్టెంట్ అయితే, "90 శాతం అని వేసేద్దామండీ, ఎవరు చూస్తారు" అన్నాడు. ఇలాంటివాళ్ల చేతికి ప్లాన్ ఇవ్వకండి. ఆ అంకెతో అప్పు తెచ్చుకుంటే మొదటి ప్రాజెక్టు ఆగిన నెలే వాయిదా తప్పుతుంది.

మళ్లీ వెళ్లి మేనేజర్ గారికి ఆయన రోజూ చూసే రైస్ మిల్లు సంగతే చెప్పాను. ధాన్యం లేని నెలల్లో మిల్లు ఆపుతారు గానీ ఆపరేటర్ని పంపేయరు కదా అన్నాను. క్లయింట్ 30 రోజుల నోటీసుతో పని ఆపేస్తాడు. కొత్తవాణ్ణి తీసుకుంటే మాత్రం, పాత కంపెనీలో నోటీసు పీరియడ్ ముగించుకుని రావడానికే రెండు మూడు నెలలు. అప్పటికి కొత్త ప్రాజెక్టు చెయ్యి జారిపోతుంది.

తర్వాత ఒకే ఒక్క లెక్క చూపించాను. ఇంకొకరు బెంచ్ మీదకొస్తే నెలకు 1.91 లక్షలు పోతాయి. క్లయింట్ బతిమాలాడని రేటు ఒక్క డాలరు తగ్గించినా, 15 మంది మీద సరిగ్గా అంతే పోతుంది. యుటిలైజేషన్ 63 శాతం కిందికి దిగితే నష్టం మొదలు. అంటే 20 మందిలో 13 మందికి పనుంటే గట్టెక్కుతాం, 12కి పడితే జేబులోంచి పెట్టాలి. ఆయన కాలిక్యులేటర్ తీసి స్వయంగా వేసుకున్నారు. స్టాక్ మాట మళ్లీ ఎత్తలేదు.

క్లయింట్ డబ్బు పంపేది ఇన్‌వాయిస్ ఇచ్చిన 45 రోజులకు. అప్పు లిమిట్ అడిగింది ఆ మధ్యలో జీతాలివ్వడానికే. అడిగినంత ఇవ్వలేదు, ఇన్‌వాయిస్‌ల మీదే ఇచ్చారు. ప్రతి నెలా స్టాక్ స్టేట్‌మెంట్ బదులు ఎవరు బిల్లింగ్‌లో ఉన్నారో, ఎవరు బెంచ్ మీద ఉన్నారో పేర్లతో పంపాలన్నారు. మొదటి షీటు ఈ ఉదయమే పంపాను, బిల్లింగ్‌లో 16 మంది.