బెట్టింగ్ సైట్‌లో విత్‌డ్రా పెండింగ్‌లో ఆగిపోతే: యూకేలో నా అనుభవం

విత్‌డ్రా పెట్టాక డబ్బు రాలేదంటే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. డబ్బు ఇంకా సైట్ చేతిలోనే ఉందా, లేక అక్కడి నుంచి బయలుదేరి బ్యాంకు దారిలో ఉందా? అకౌంట్‌లో ట్రాన్సాక్షన్ల పేజీ తెరిస్తే ఇది తెలుస్తుంది. Pending అని ఉంటే సైట్ వాళ్లు ఇంకా ఆమోదించలేదని అర్థం. అప్పుడు బ్యాంకుకు ఫోన్ చేసి ప్రయోజనం లేదు, వాళ్ల దగ్గర దాని జాడే ఉండదు. Processed లేదా Completed అని మారితే సైట్ పంపేసినట్టు. డెబిట్ కార్డుకైతే ఆ తర్వాత కొన్ని గంటల నుంచి రెండు మూడు పనిదినాల దాకా పట్టొచ్చు. నాది మొదటి రకం.

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. ఇక్కడ లైసెన్స్ ఉన్న సైట్‌లో పందెం కాయడం చట్టబద్ధమే. క్రికెట్ సీజన్‌లో డెబిట్ కార్డుతో 50 పౌండ్లు వేశాను. కొన్ని మ్యాచ్‌ల తర్వాత బ్యాలెన్స్ 640 అయింది. 600 పౌండ్లు విత్‌డ్రా పెట్టాను. అంతకుముందు చిన్న మొత్తాలు అదే రోజు వచ్చేసేవి. ఈసారి మాత్రం పెండింగ్ దగ్గరే ఆగింది.

చాట్‌లో అడిగితే "కాస్త ఓపిక పట్టండి, సంబంధిత టీమ్ చూస్తోంది" అనే జవాబే మళ్లీ మళ్లీ వచ్చింది. ఎప్పుడొస్తుందని అడిగినంతసేపూ అదే జవాబు. అందుకని ప్రశ్న మార్చాను. నా అకౌంట్ మీద వెరిఫికేషన్ ఏదైనా పెండింగ్‌లో ఉందా? ఉంటే ఏ డాక్యుమెంట్ కోసం? అప్పుడు గానీ అసలు సంగతి బయటపడలేదు. కార్డు మీది పేరు, అకౌంట్‌లోని పేరు కలవడం లేదట.

మనవాళ్లలో చాలామందికి ఈ చిక్కు వస్తుంది. నా పాస్‌పోర్టులో సొంత పేరు రెండు మాటలు, ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో విడిగా ఉంటుంది. సైట్‌లోనూ అచ్చం అలాగే ఇచ్చాను. బ్యాంకు మాత్రం ఇంటిపేరునీ మొదటి మాటనీ పొడి అక్షరాలు చేసి, మిగిలిన మాటను చివర పెట్టి కార్డు మీద ముద్రించింది. మన కంటికి ఇద్దరూ ఒక్కరే. వాళ్ల సిస్టమ్‌కు వేరే మనిషి. ఒకరి కార్డుతో వేసిన డబ్బు ఇంకొకరి పేరు మీద బయటికి వెళ్లడం మనీ లాండరింగ్‌కు వాడే పద్ధతి. అందుకే ఏ కార్డు నుంచి వేశామో వీలైనంత వరకు ఆ కార్డుకే తిరిగి పంపుతారు, అది మనదేనని చూసుకుంటారు. ఆ తనిఖీని నేను తప్పుపట్టను.

మూడు కాగితాలు పంపాను. మొదటిది పాస్‌పోర్టు ఫొటో పేజీ, నాలుగు మూలలూ కనబడేలా. రెండోది కార్డు ఫొటో. మొదటి ఆరు, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడేలా ఉంచి మధ్యవి కప్పేశాను. వెనక ఉండే మూడంకెల కోడ్ ఎవరడిగినా చూపించకూడదు. మూడోది బ్యాంక్ స్టేట్‌మెంట్. దీనికి సాధారణంగా స్క్రీన్‌షాట్ ఒప్పుకోరు. బ్యాంకు యాప్ నుంచి దించుకున్న పీడీఎఫ్ కావాలి. దాంట్లో పూర్తి పేరు, అడ్రస్, మనం సైట్‌కు కట్టిన డిపాజిట్ లైన్ మూడూ ఉండాలి. నా చిక్కు విడిపోయింది ఈ మూడోదానితోనే. కార్డు మీద పొడి అక్షరాలున్నా స్టేట్‌మెంట్‌లో బ్యాంకు పూర్తి పేరు రాసింది. అలా లేనివాళ్లు పూర్తి పేరుతో, అకౌంట్ నంబర్‌తో ఒక ఉత్తరం ఇమ్మని బ్యాంకును అడగొచ్చు.

పేరు గొడవ తీరిందనుకుంటే జీతం స్లిప్పులు పంపమన్నారు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. యూకే గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్స్ షరతుల్లో ఒక మాట స్పష్టంగా ఉంది: ముందే అడగగలిగిన సమాచారాన్ని విత్‌డ్రా పెట్టాక షరతుగా అడగకూడదు. వయసు, గుర్తింపు అయితే ఆట మొదలుపెట్టక ముందే తేల్చుకోవాలి. మనీ లాండరింగ్ చట్టం కింద అప్పుడే అవసరమైన సమాచారానికి మినహాయింపు ఉంది కాబట్టి ప్రతి ప్రశ్నా అక్రమం అనలేం. కానీ 50 పౌండ్లు వేసినవాడిని, చిన్న మొత్తాలు ఎన్నోసార్లు ఇచ్చాక, ఇప్పుడు జీతం ఎంతని ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పాలి కదా.

చాట్ వదిలేసి ఈమెయిల్ రాశాను. సబ్జెక్ట్ లైన్ ఇలా పెట్టాను:

```
Formal complaint - withdrawal pending
```

ఆ complaint అనే మాట ముఖ్యం. ఎన్నిసార్లు చాట్ చేసినా అది మామూలుగా ఆరా తీసినట్టే లెక్క. ఫిర్యాదు అని రాస్తే వాళ్ల ఫిర్యాదుల పద్ధతి మొదలవుతుంది, దానికి 8 వారాల గడువు ఉంటుంది. మెయిల్‌లో విత్‌డ్రా పెట్టిన తేదీ, మొత్తం, ట్రాన్సాక్షన్ నంబర్, ఏ కాగితం ఏ రోజు పంపానో రాశాను. జీతం స్లిప్పులు ఏ కారణంతో అడుగుతున్నారు, ముందే ఎందుకు అడగలేదు అని రెండు ప్రశ్నలు వేశాను. తిట్లు లేవు, బెదిరింపులు లేవు. స్లిప్పులు కూడా జతచేశాను, ఎందుకంటే ఇవ్వకుండా వాదిస్తే ఆలస్యం నాకే.

ఈసారి జవాబు ఒక మనిషి రాసినట్టు వచ్చింది. కారణం సూటిగా చెప్పలేదు గానీ స్టేటస్ Processed అయింది, 600 పౌండ్లు కార్డులో పడ్డాయి.

అలా పడకపోయి ఉంటే తర్వాతి మెట్టు ఏడీఆర్. అంటే సైట్‌కు సంబంధం లేని తగాదా పరిష్కార సంస్థ. ఐబాస్ అలాంటిదే. ఏ సంస్థకు వెళ్లాలో సైట్ నిబంధనల్లోనే ఉంటుంది, మనకు ఖర్చు ఉండదు. 8 వారాలు దాటినా, ఇదే మా తుది మాట అని సైట్ రాసిచ్చినా అక్కడికి వెళ్లొచ్చు. గ్యాంబ్లింగ్ కమిషన్‌కు కూడా చెప్పొచ్చు గానీ వాళ్లు ఒక్కొక్కరి డబ్బు ఇప్పించరు. ఆ సమాచారాన్ని సైట్ మీద పర్యవేక్షణకు వాడతారు.

ఎదురుచూసే రోజుల్లో టెన్షన్‌తో ఒకప్పుడు కొందరు విత్‌డ్రా రద్దు చేసి మళ్లీ పెట్టేవారు. దాంతో క్యూలో వెనక్కి పోవడం తప్ప లాభం ఉండేది కాదు. ఆ డబ్బుతో మళ్లీ ఆడే ప్రమాదం కూడా ఉండేది. అందుకే పెండింగ్ డబ్బును ఆటలోకి వెనక్కి లాక్కునే వీలును కమిషన్ 2021లో శాశ్వతంగా నిషేధించింది. ఇంకో అకౌంట్ తెరవడం మరీ ప్రమాదం, రెండూ మూసేసే హక్కు వాళ్లకు దొరుకుతుంది.

ఇదంతా లైసెన్స్ ఉన్న సైట్ సంగతి. సైట్ అడుగున లైసెన్స్ నంబర్ ఉంటుంది. దాన్ని gamblingcommission.gov.uk లోని పబ్లిక్ రిజిస్టర్‌లో వెతికి, అక్కడున్న వెబ్ అడ్రస్ మన సైట్‌దేనా అని సరిచూసుకోవాలి. గుంటూరు నుంచి మా బాబాయి కొడుకు ఫోన్ చేసి "అన్నా, నాదీ పెండింగ్‌లోనే ఉంది, 30 శాతం ట్యాక్స్ ముందు కడితే వదులుతారట" అన్నప్పుడు నా గుండె జారిపోయింది. టెలిగ్రామ్‌లో వచ్చిన లింకు అది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు ముందే నిషేధం. 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ అదే చెప్పింది. అలాంటి సైట్ మీద ఫిర్యాదుకు ఏడీఆర్ లేదు, 8 వారాల గడువూ లేదు. టీడీఎస్ అంటే ఇచ్చే డబ్బులోంచి కోసుకునేది, మన చేత ముందుగా కట్టించుకునేది కాదు. యూకేలో అయితే గెలిచిన డబ్బు మీద ఆటగాడికి పన్నే లేదు.

"ఇంకొక్క రూపాయి కూడా పంపకురా" అని చెప్పి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. యూపీఐ ట్రాన్సాక్షన్ నంబర్లు, చాట్ స్క్రీన్‌షాట్లు తీయించి cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టించాను. డబ్బు వెళ్లిన ఖాతాను ఆపించాలంటే ఆ నంబర్లే ఆధారం. ఎంత తొందరగా చెబితే అందులో ఏమైనా మిగిలి ఉండే అవకాశం అంత ఎక్కువ.