ఎఫ్ఎం ఒక్కటే, ఇసుకలు రెండు: సీవ్ అనాలిసిస్ నేను చదివిన పద్ధతి

కాంక్రీట్ టెక్నాలజీలో సీవ్ అనాలిసిస్‌ని చాలామంది ఒక ఫార్ములా, నాలుగు జోన్లు అని బట్టీ పట్టి వదిలేస్తారు. ప్రిపరేషన్‌లో నాకు ఈ టాపిక్ పట్టుబడింది మాత్రం ఒక లెక్క వేసుకున్నాకే. ఒకే ఫైన్‌నెస్ మాడ్యులస్, అంటే ఎఫ్ఎం, వచ్చేలా రెండు వేర్వేరు ఇసుకలను కాగితం మీద తయారు చేసుకున్నాను. మీరూ పెన్ను పట్టుకుని నాతోపాటు వేయండి.

ఇసుకకు వాడే జల్లెడలు పైనుంచి కిందికి 4.75, 2.36, 1.18 మి.మీ., ఆ తర్వాత 600, 300, 150 మైక్రాన్లు, అడుగున పాన్. ఒక్కో జల్లెడ కన్నం దాని కింది జల్లెడ కన్నానికి సుమారు రెట్టింపు. ఈ సంగతి గుర్తుంటే వరుస మరిచిపోయే ప్రసక్తే లేదు. ఆరబెట్టిన ఇసుకను తూచి, జల్లించి, ఒక్కో జల్లెడ మీద నిలిచిన బరువు రాసుకుంటాం. దాన్ని శాతంలోకి మార్చి, పైనుంచి కూడుకుంటూ వస్తే క్యుములేటివ్ శాతం వస్తుంది. 150 మైక్రాన్ దాకా ఉన్న ఆ శాతాల మొత్తాన్ని 100తో భాగిస్తే ఎఫ్ఎం. పాన్‌లో మిగిలింది ఈ కూడికలోకి రాదు.

మొదటి ఇసుక 1000 గ్రాములు అనుకుందాం. జల్లెడల మీద వరుసగా 20, 100, 220, 220, 290, 130 గ్రాములు నిలిచాయి, పాన్‌లో 20 ఉంది. క్యుములేటివ్ శాతాలు 2, 12, 34, 56, 85, 98. మొత్తం 287, ఎఫ్ఎం 2.87.

రెండో ఇసుకా 1000 గ్రాములే. దీంట్లో నిలిచినవి 100, 280, 40, 40, 100, 390 గ్రాములు, పాన్‌లో 50. క్యుములేటివ్ శాతాలు 10, 38, 42, 46, 56, 95. కూడి చూడండి, మళ్లీ 287. ఎఫ్ఎం 2.87.

ఎఫ్ఎం అంటే ఒక రకమైన సగటు. 150 మైక్రాన్ జల్లెడను ఒకటిగా లెక్కపెడుతూ పైకి వెళితే, ఇసుక సగటు సైజు ఎన్నో జల్లెడ దగ్గర ఉందో చెబుతుంది. 2.87 అంటే మూడో జల్లెడకు, అంటే 600 మైక్రాన్‌కు, కొంచెం కింద. కానీ సగటుకు విస్తరణ కనపడదు. రెండో ఇసుకలో ముతక రేణువులు ఎక్కువ, సన్న రేణువులూ ఎక్కువ, మధ్య సైజులు దాదాపు లేవు. ముతకవి పెంచిన అంకెను సన్నవి తగ్గించేశాయి. అందుకే ఎఫ్ఎం ఒక్కటే చూసి ఇసుక మంచిదా కాదా అని ఎవరైనా తేల్చేస్తే నేను ఒప్పుకోను.

ఇప్పుడు గ్రేడింగ్ చూద్దాం. ఐఎస్ 383లో జోన్‌ను ముందుగా 600 మైక్రాన్‌ను దాటిన శాతం బట్టి గుర్తుపడతాం. 15–34 అయితే జోన్ 1, 35–59 జోన్ 2, 60–79 జోన్ 3, 80–100 జోన్ 4. మొదటి ఇసుకలో 44 శాతం దాటింది, రెండోదాంట్లో 54. రెండూ జోన్ 2 లాగే కనిపిస్తాయి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఆగకండి. మిగతా జల్లెడలూ సరిపోవాలి. జోన్ 2కి 2.36 మి.మీ. జల్లెడను 75 నుంచి 100 శాతం దాటాలి, 300 మైక్రాన్‌ను 8 నుంచి 30. రెండో ఇసుకలో ఇవి 62, 44. ఒకచోట 13 తక్కువ, ఇంకోచోట 14 ఎక్కువ. 600 మైక్రాన్ కాని జల్లెడల్లో తేడా ఒక్కో జల్లెడ దగ్గర 5 శాతం, అన్నీ కలిపి 10 శాతం మించకపోతేనే ఆ జోన్‌లోకి తీసుకుంటారు. ఇక్కడ మొత్తం 27. మొదటి ఇసుక మాత్రం అన్ని జల్లెడల దగ్గరా హద్దుల్లోనే ఉంది.

కాంక్రీట్‌లో దీని ఫలితం ఏమిటంటే, పెద్ద రేణువుల మధ్య ఖాళీని మధ్య రేణువులు, వాటి మధ్య ఖాళీని సన్నవి నింపుతాయి. మధ్యవి లేకపోతే ఆ ఖాళీని సిమెంట్ పేస్టే నింపాలి. పైగా సన్న రేణువులు ఎక్కువైతే తడపాల్సిన ఉపరితలం పెరిగి నీళ్లు ఎక్కువ అడుగుతుంది. ఇలా మధ్య సైజులు లేని గ్యాప్ గ్రేడింగ్ ప్రతిసారీ పనికిరానిదేమీ కాదు. నీళ్లు తక్కువ ఉన్న గట్టి మిక్స్‌ను వైబ్రేటర్‌తో బాగా కుదిస్తే చెల్లుతుంది. మిక్స్ పలచగా ఉంటే కంకర విడిపోయి సెగ్రిగేషన్ వస్తుంది.

ల్యాబ్‌లో ఒక జాగ్రత్త. సన్న జల్లెడ మీద ఒకేసారి ఎక్కువ ఇసుక పోస్తే కన్నాలు మూసుకుని, దాటాల్సిన రేణువులు పైనే ఉండిపోతాయి. అప్పుడు ఎఫ్ఎం ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. అనుమానం వస్తే ఆ జల్లెడను ఖాళీ పాన్ మీద చేత్తో మళ్లీ ఆడించండి, ఇసుక ఇంకా రాలుతుంటే జల్లించడం పూర్తి కాలేదన్నమాట. శాంపిల్‌ను చిన్న చిన్న భాగాలుగా జల్లిస్తే ఈ ఇబ్బంది ఉండదు.

ఇక కంకర. పద్ధతి అదే, పరీక్షలో మెలిక ఒకచోట పెడతారు. 5000 గ్రాముల కంకరలో 40 మి.మీ. మీద ఏమీ నిలవలేదు, 20 మీద 250, 10 మీద 3250, 4.75 మీద 1350 గ్రాములు నిలిచాయి. క్యుములేటివ్ శాతాలు 5, 70, 97, మొత్తం 172. ఆప్షన్లలో 1.72 తప్పకుండా ఉంటుంది. కానీ 2.36 నుంచి 150 మైక్రాన్ దాకా ఇంకా ఐదు జల్లెడలున్నాయి. వాటిని వాడకపోయినా ఒక్కోదానికి 100 చొప్పున 500 కలపాలి. 672, అంటే ఎఫ్ఎం 6.72. ప్రశ్నలో 16, 12.5 మి.మీ. జల్లెడలు ఇస్తే, వాటి మీద నిలిచిన బరువు క్యుములేటివ్‌లో కలిసిపోతుంది కానీ వాటి శాతాలను విడిగా కూడికలోకి తీసుకోరు, ఎందుకంటే రెట్టింపుల వరుసలో అవి లేవు.

కంకర గరిష్ఠ సైజు ప్రభావాన్ని నీళ్ల నుంచే మొదలుపెట్టి చదవండి. ఐఎస్ 10262 ప్రకారం 50 మి.మీ. స్లంప్‌కు, కోణాలున్న కంకరతో, ఘనపు మీటరుకు నీళ్లు 10 మి.మీ. సైజుకు 208 కిలోలు, 20కి 186, 40కి 165. సైజు రెట్టింపైతే అదే ఘనపరిమాణానికి ఉపరితలం సగమవుతుంది, అందుకే ఈ తగ్గుదల. సిమెంట్ 372 కిలోలు అనుకుంటే 20 మి.మీ. కంకరతో నీటి–సిమెంట్ నిష్పత్తి సరిగ్గా 0.50. సిమెంట్ మార్చకుండా, అదే స్లంప్ ఉంచి 10 మి.మీ. వాడితే 0.56కి చేరుతుంది, బలం పడిపోతుంది. 0.50 దగ్గరే ఉంచాలంటే సిమెంట్ 416 కిలోలు కావాలి, 44 కిలోలు అదనం.

అలాగని సైజు పెంచుకుంటూ పోలేం. సిమెంట్ ఎక్కువున్న అధిక బలం మిక్స్‌లో పెద్ద కంకర నష్టం చేస్తుంది. పేస్ట్ అంటుకునే ఉపరితలం తగ్గుతుంది, పెద్ద రాయి అడుగున బ్లీడింగ్ నీళ్లు చేరి బంధం బలహీనపడుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. రెండో అడ్డు కడ్డీలది. ఐఎస్ 456 ప్రకారం నామినల్ గరిష్ఠ సైజు మెంబర్ కనిష్ఠ మందంలో నాలుగో వంతు మించకూడదు. కడ్డీలు దట్టంగా ఉంటే, ప్రధాన కడ్డీల మధ్య ఖాళీ లేదా కవర్, ఏది తక్కువైతే దానికన్నా 5 మి.మీ. తక్కువ ఉంచడం మామూలు. 200 మి.మీ. వెడల్పు బీమ్‌లో నాలుగో వంతు 50 అవుతుంది. కడ్డీల మధ్య 30 మి.మీ. ఖాళీ, కవర్ 25 ఉంటే ఒకటి 25 అంటుంది, ఇంకోటి 20 అంటుంది. జవాబు 20 మి.మీ. ఇలాంటి ప్రశ్నలో మందం ఒక్కటే చూసి 40 మి.మీ. కంకర ఎంచుకుంటే, అది కడ్డీల మధ్య ఇరుక్కుని కింద హనీకోంబింగ్ వదిలేస్తుంది.