కార్ పార్కింగ్‌ను సేల్ డీడ్‌లో రాయించుకోవడం: నా అనుభవం

హైదరాబాద్‌లో, కింద స్తంభాల మధ్య పార్కింగ్ వదిలే స్టిల్ట్ ప్లస్ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ తీసుకున్నప్పుడు, బిల్డర్ ఇచ్చిన కొటేషన్‌లో ఫ్లాట్ ధర కింద ఇంకో రెండు పద్దులున్నాయి. కవర్డ్ పార్కింగ్‌కు 4 లక్షలు, రెండో కారుకు ఓపెన్ పార్కింగ్ కావాలంటే 2 లక్షలు. రెండూ సేల్ డీడ్‌లో ఉండవు, రశీదూ అలాట్‌మెంట్ లెటరూ ఇస్తాం అన్నారు.

ఓపెన్ పార్కింగ్ సంగతి తేలికగానే తేలింది. బిల్డర్లను నియంత్రించే 2016 రెరా చట్టం సెక్షన్ 2(n) ఓపెన్ పార్కింగ్‌ను ఉమ్మడి స్థలాల్లో చేర్చింది. సెక్షన్ 17 ప్రకారం ఉమ్మడి స్థలాల అవిభాజ్య హక్కును బిల్డర్ అసోసియేషన్‌కు రాసివ్వాలి. అంటే ఆ చోటు ఖరీదు ఫ్లాట్లు కొన్నవాళ్లంతా అప్పటికే కట్టేశారు, దాన్ని మళ్లీ అమ్మే హక్కు బిల్డర్‌కు లేదు. అందులో ఎవరు బండి పెట్టుకోవాలో అసోసియేషన్ లాటరీ తీసో, వంతులు వేసో నిర్ణయించవచ్చు. అది వాడుకునే వీలు మాత్రమే, సొంతం కాదు. ఆ 2 లక్షల పద్దు కొట్టించేశాను.

కవర్డ్ దగ్గరే అసలు చిక్కు. రెరాలో విడిగా నిర్వచించింది గ్యారేజ్‌ను. పైకప్పు, మూడు వైపులా గోడలు ఉంటేనే అది గ్యారేజ్. అమ్మకానికి పెట్టే గ్యారేజ్‌లు ఎన్ని, ఎంత విస్తీర్ణమో బిల్డర్ రిజిస్ట్రేషన్ దరఖాస్తులోనే చెప్పాలి. మన స్టిల్ట్‌లో స్తంభాలే తప్ప గోడలుండవు. 2010లో నహల్‌చంద్ లాలూచంద్ కేసులో, మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం కింద స్టిల్ట్ పార్కింగ్ గ్యారేజ్ కాదని, ఫ్లాటూ కాదని, బిల్డర్ దాన్ని విడిగా అమ్ముకోలేడని సుప్రీంకోర్టు తేల్చింది. రెరా కింద మన దగ్గర నిర్దేశించిన నమూనా అగ్రిమెంట్‌లో మాత్రం ఫ్లాట్‌తో పాటు పార్కింగ్ నంబరు, చదరపు అడుగులు, అది ఎక్కడుందీ రాయడానికి ఖాళీలున్నాయి. ఫ్లాటూ పార్కింగూ కలిపి విడదీయరాని ఒకే యూనిట్ అన్న షరతు కూడా అందులోనే ఉంది. కాబట్టి ఫ్లాట్‌తో కలిపి తీసుకోవచ్చు. ఫ్లాట్ లేని బయటి మనిషికి ఒక్క స్లాట్ అమ్మితే మాత్రం ఆ కాగితం నిలవదని నా అభిప్రాయం.

అడ్వాన్సు ఇచ్చే ముందు తెలంగాణ రెరా సైట్‌లో ప్రాజెక్ట్ పేరు వెతికి, మంజూరైన ప్లాన్‌లో స్టిల్ట్ ఫ్లోర్ షీట్ తీశాను. అందులో గీసినవి 34 స్లాట్లు. బిల్డర్ చార్ట్‌లో 36 ఉన్నాయి. ఎక్కువైన రెండూ ప్రహరీకీ భవనానికీ మధ్య సెట్‌బ్యాక్‌లో పెయింట్ వేసినవి. అలాంటి చోటు తీసుకుంటే రేపు ఫైర్ వాళ్లో మున్సిపాలిటీ వాళ్లో తీయించినప్పుడు చేతిలో రశీదు తప్ప ఏమీ మిగలదు. ప్లాన్‌లో ఉన్న 17వ నంబరు అడిగి, టేపు పట్టి స్తంభానికీ స్తంభానికీ మధ్య కొలిచాను. వెడల్పు 8 అడుగులు, పొడవు 16. మామూలు ఎస్‌యూవీ వెడల్పు దాదాపు 6 అడుగులు కాబట్టి డ్రైవర్ వైపు తలుపు తెరుచుకుంటుంది. రెండు వైపులా స్తంభాలుండి వెడల్పు ఇంకా తగ్గితే దిగడం కష్టం.

తర్వాత డీడ్ డ్రాఫ్ట్. మన దగ్గర చాలా డీడ్‌లలో ‘100 చదరపు అడుగుల కార్ పార్కింగ్‌తో సహా’ అని ఒక ముక్క ఉంటుంది. నంబరుండదు, హద్దులుండవు. 8 ఇంటూ 16 అంటే 128 చదరపు అడుగులు. వందలో కారే సరిగ్గా పట్టదు. ఇద్దరు ఒకే స్లాట్ నాదంటే నాదన్నప్పుడు ఆ ముక్క ఎవరికీ అక్కరకు రాదు. అందుకే షెడ్యూల్‌లో ‘స్టిల్ట్ ఫ్లోర్, స్లాట్ నంబర్ 17, 128 చదరపు అడుగులు’ అని రాయించి, స్లాట్‌ను రంగుతో గుర్తించిన స్టిల్ట్ ప్లాన్‌ను డీడ్‌కు జతచేయించాను.

బిల్డర్ ఆఫీసు వాళ్లు ఒప్పుకోకపోవడానికి చెప్పిన కారణం స్టాంప్ డ్యూటీ. 4 లక్షలు డీడ్ విలువలో కలిపితే రిజిస్ట్రేషన్ ఫీజుతో సహా 7.5 శాతం చొప్పున 30 వేలు ఎక్కువవుతుంది నిజమే. కానీ ఆ 30 వేలు మిగుల్చుకోవడానికి 4 లక్షల హక్కును ఉత్తరం ముక్క మీద వదిలెయ్యడం తెలివైన బేరం కాదు. పైగా ఫ్లాట్ అమ్మేటప్పుడు కొనేవాళ్ల లాయర్ చూసేది డీడ్‌నే, అలాట్‌మెంట్ లెటర్‌ను కాదు.

ఫ్లాట్ ధరలో పదిశాతానికి మించి డబ్బు తీసుకోవాలంటే బిల్డర్ ముందు అగ్రిమెంట్ రిజిస్టర్ చెయ్యాలని సెక్షన్ 13 చెబుతుంది. అందుకే పార్కింగ్ గొడవ ఆ దశలోనే తేల్చుకోవాలి. ఆ తర్వాత మన మాట చెల్లడం కష్టం.

ఇప్పటికే నంబరు లేకుండా రిజిస్టర్ అయిపోయిన వాళ్లు సవరణ దస్తావేజు చేయించుకోవచ్చు, దానికి బిల్డర్ సంతకం కావాలి. సంతకం పెట్టకపోయినా, ఓపెన్ పార్కింగ్‌కు డబ్బు తీసుకున్నా, రెరాలో నమోదైన ప్రాజెక్ట్ అయితే సెక్షన్ 31 కింద ఫిర్యాదు వెయ్యాలి. దాంతో పాటు రశీదు, మంజూరైన స్టిల్ట్ షీట్, డీడ్ షెడ్యూల్ మూడూ జతచెయ్యాలి.