సూరత్‌లో ఒక శాండ్‌విచ్ షాపు: బోర్డులో, ధరల పట్టికలో గుజరాతీ స్పెల్లింగులు సరిచేసిన నా అనుభవం

మాది మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి సూరత్ వచ్చి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబం. ఇక్కడి కార్పొరేషన్ తెలుగు మీడియం బడిలో చదువుకున్నాను. గుజరాతీ వీధిలోనూ బడిలోనూ వచ్చేసింది. ఇప్పుడు ఫ్లెక్సులు, బోర్డులు చేసే ఒక షాపులో డీటీపీ పని చూస్తున్నాను. ఈ మధ్య మా ఏరియాలోనే ఒక శాండ్‌విచ్, జ్యూస్ షాపుకి కొత్త బోర్డు, కొత్త భావ్‌పత్రక్ (అంటే ధరల పట్టిక) చేయాల్సి వచ్చింది. అక్షరాలు పేర్చి ఇచ్చేస్తే చాలనుకునే పని కాదని మొదటి రోజే అర్థమైంది.

షాపు కాకా నాకు ఇచ్చినవి నాలుగు: పాత బోర్డు ఫోటో, ఎప్పుడో ఎవరో టైప్ చేసిన పాత పట్టిక ఫైలు, ఆయన చేత్తో రాసిన కొత్త ఐటమ్‌లు, వాళ్లబ్బాయి వాట్సాప్‌లో పంపిన లిస్టు. పిజ్జా ఒక్కటే నాలుగు రకాలుగా ఉంది. తెలుగు లిపిలో చూపిస్తే పిఝా, పీఝా, పిత్ఝా, పీజా. శాండ్‌విచ్‌కి ఒకచోట సున్న, ఒకచోట నకారం. చివర ఒకచోట విచ్, ఇంకోచోట వీచ్. కాకా దృష్టిలో ఇదేమీ సమస్య కాదు. "బెన్, చదివేవాడికి అర్థమవుతుంది కదా" అన్నారు. అది నిజమే. కానీ బిల్లింగ్ మెషీన్‌కి అర్థం కాదు. అందులో చీజ్ గ్రిల్ రెండు ఐటమ్‌లుగా ఎక్కి కూర్చుంది. ఒకటి 110 రూపాయలు, ఇంకోటి 120. ధర పెంచినప్పుడు ఒక స్పెల్లింగు మీద పెరిగింది, రెండోది అలాగే ఉండిపోయింది. అది చూపించాక కాకా కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

నేను ముందు చేసింది తప్పులు దిద్దడం కాదు, తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయో వేరు చేయడం. ఒకే మందు అన్నిటికీ పనిచేయదు.

మొదటిది గుడి, గుడిదీర్ఘం గొడవ. తెలుగువాళ్లం 'పిల్ల'కీ 'పీట'కీ చెవితోనే తేడా పట్టేస్తాం. గుజరాతీ మాటలో ఇకార ఉకారాలకు హ్రస్వం, దీర్ఘం అనే తేడా వినపడదు. రాతలో మాత్రం రెండు గుర్తులూ ఉన్నాయి. అంటే రాసేవాడికి చెవి సాయం చేయదు, స్పెల్లింగు గుర్తు పెట్టుకోవాల్సిందే. ఈ తిప్పలు చూసే గాంధీగారి చొరవతో గుజరాత్ విద్యాపీఠ్ 1929లో జోడణీకోశ్ అనే స్పెల్లింగుల నిఘంటువు తెచ్చింది. ఆ తర్వాత కూడా వాదం ఆగలేదు. 1999లో ఊంఝా పట్టణంలో జరిగిన సమావేశంలో ఒకే ఇ, ఒకే ఉ చాలని కొందరు తీర్మానించారు, కానీ బడి పుస్తకాలు పాత పద్ధతిలోనే ఉన్నాయి. చదువుకున్నవాళ్లే ఇంత తర్జనభర్జన పడ్డ విషయంలో షాపు కాకాని తప్పుపట్టడం నాకు సబబుగా అనిపించదు.

అసలు గుజరాతీ మాటలకైతే కోశం చూస్తాను. ఇంగ్లిషు నుంచి వచ్చిన మాటలకు నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఇంగ్లిషులో పొట్టిగా పలికితే గుడి, సాగదీస్తే గుడిదీర్ఘం. ఇక్కడ నా తెలుగు చెవి బాగా పనికొచ్చింది. గ్రిల్, మిల్క్, మిక్స్, శాండ్‌విచ్ పొట్టివి. చీజ్, క్రీమ్ పొడుగువి. మాట చివర వచ్చే ఈకారం గుజరాతీలో మామూలుగా దీర్ఘమే, అందుకని కాఫీ, చిల్లీ చివర గుడిదీర్ఘం. జ్యూస్, ఫ్రూట్ రెండిటికీ కొమ్ముదీర్ఘం పెట్టాను. జ్యూస్ దగ్గర కాకా భార్య ఒప్పుకోలేదు. "ఊరంతా పొట్టి కొమ్మే రాస్తారు కదా బేటా" అన్నారు. "నిజమే మాసీ, కానీ ఫ్రూట్‌కి పొడుగు, జ్యూస్‌కి పొట్టి పెడితే 'ఫ్రూట్ జ్యూస్' అనే ఒక్క వరుసలోనే రెండు పద్ధతులు కనిపిస్తాయి" అన్నాను. రెండూ రాసి పక్కపక్కన చూపించాక సరేనన్నారు.

పిజ్జాకి పిఝా ఖాయం చేశాం. గుజరాతీలో ఇంగ్లిషు జెడ్ శబ్దానికి ఝ అక్షరమే వాడతారు, మనలాగా జ కాదు. పీజా అని జ పెట్టినా జనం చదువుకుంటారు. కానీ చీజ్ దగ్గర అలా కుదరదు, ఎందుకంటే జ తో రాసిన 'చీజ్' గుజరాతీలో 'వస్తువు' అనే మాట. మెషీన్‌లో రెండుగా ఎక్కిన చీజ్ గ్రిల్ రహస్యం కూడా ఇదే: ఒకటి ఝ తో, ఒకటి జ తో.

రెండోది నాకు బాగా ఇష్టమైన సంగతి. గుజరాతీలో నోరు వెడల్పుగా తెరిచి పలికే ఏ, ఓ శబ్దాలకు ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంది. నెలవంక లాంటి ఆ గుర్తును తలకిందుల మాత్ర అంటారు. ఇంగ్లిషు మాటల్లో ఆ శబ్దం వస్తే ఈ గుర్తు పెట్టాలని జోడణీ నియమాల్లోనే ఉంది. బజారులో మాత్రం దాన్ని పెట్టేవాళ్లు తక్కువ, నేను రోజూ చూసే పేపర్లలో కూడా అరుదే. ఈ పట్టికలో సగం మాటలకు పెట్టి సగానికి వదిలేశారు. అన్నిటికీ ఒకేసారి పెట్టేద్దామంటే కుదరదు. 'కోల్డ్ కాఫీ'నే చూడండి. గుజరాతీలో రెండు మాటల్లోనూ మామూలు ఓత్వమే రాసేస్తారు, కానీ నెలవంక రావాల్సింది రెండోదానికే.

ఏ మాటకు రావాలో తేల్చడానికి తెలుగు స్పెల్లింగే నాకు కొలబద్ద అయింది. ఇంగ్లిషు మాటలో ఆ వెడల్పు శబ్దాన్ని మనం ఆకారంగా రాసుకుంటాం: కాఫీ, చాక్లెట్, హాట్, సాస్. మనం ఓ రాసేచోట గుజరాతీలోనూ మామూలు ఓత్వమే: కోల్డ్, టోస్ట్, రోల్, సోడా. శాండ్‌విచ్ కూడా అంతే. మనం 'శా' అన్న చోట గుజరాతీవాళ్లు 'సే' రాసి, దాని మీద ఏత్వానికి బదులు నెలవంక పెడతారు. బ్రెడ్, కేక్‌లకు మామూలు ఏత్వం. అన్ని మాటలకూ ఇది వర్తిస్తుందని అనను, ఈ పట్టికలో మాత్రం ఎక్కడా తప్పలేదు. పట్టిక పూర్తయ్యాక కాకా చేత పైకి చదివించాను. నెలవంక ఉన్న ప్రతిచోటా ఆయన నోరు వెడల్పుగానే తెరుచుకుంది.

మూడో రకం తప్పులు మనుషులు చేసినవి కావు. పాత ఫైలు యూనికోడ్‌కి ముందు కాలపు ఫాంటులో ఉంది. మన దగ్గర అను ఫాంట్లలో పనిచేసినవాళ్లకు ఈ బాధ తెలుసు. ఆ పాత ఫాంట్లలో అక్షరాలు కంటికి కనిపించే వరుసలో టైప్ చేస్తారు. గుజరాతీలో గుడి హల్లుకి ఎడమ పక్కన కనిపిస్తుంది కాబట్టి దాన్ని ముందు కొడతారు. తల మీద కూర్చునే రకారాన్ని హల్లు తర్వాత కొడతారు. యూనికోడ్‌లో వరుస దీనికి తిరగబడి ఉంటుంది: రకారం ముందు, తర్వాత హల్లు, ఆ తర్వాత గుడి. ఫైలు మార్చేటప్పుడు గుడిని సరిగ్గా జరిపి రకారాన్ని వదిలేస్తే 'సర్విస్' కాస్తా 'సవిర్స్' అవుతుంది. 'హోమ్ సవిర్స్' అని పాత పట్టిక అడుగున ఉన్నది ఇలా పుట్టిందే.

ఇంకొన్ని తప్పులు కంటికి అసలు కనపడవు. ఆ అనే అక్షరాన్ని ఒక్కటిగా కాకుండా అ పక్కన దీర్ఘం పెట్టి కొడతారు. నెలవంక ఉన్న ఓకారాన్ని దీర్ఘం, నెలవంక అని రెండు ముక్కలుగా కొడతారు. కొన్ని ఫాంట్లలో అచ్చం ఒకేలా కనిపిస్తాయి, వెతికితే మాత్రం దొరకవు. వేరే ఫాంటులోకి మార్చి చూస్తే కొన్నిచోట్ల చుక్కల సున్నా బయటపడుతుంది, గుర్తుపట్టే మార్గాల్లో అదొకటి. ఇలాంటివన్నీ ఒక షీటులో ఎడమ పక్క ఉన్నది, కుడి పక్క రావాల్సింది అని రాసుకున్నాను. అందులో కొన్ని:

```
સવિર્સ → સર્વિસ
જયુસ → જ્યૂસ
કાૅફી → કૉફી
અાઇસક્રીમ → આઇસક્રીમ
```

రెండో వరుస దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. జ కింద పొల్లు పోయి 'జ్యుస్' కాస్తా 'జయుస్' అయింది. గుజరాతీలో ఈ రెండు రూపాలూ చాలా దగ్గరగా ఉంటాయి, చూపు జారిపోతుంది. అలాగని ఫైలంతా 'జయ'ని 'జ్య'గా మార్చమని ఆదేశం ఇస్తే పట్టిక పైన ఉన్న 'జయ్ అంబే' పాడైపోతుంది. అందుకే మాట మొత్తాన్ని వెతికి మార్చాలి, ముక్కను మార్చకూడదు.

ధరల కాలమ్‌లో ఇంకో చిక్కు. గుజరాతీ అంకె 5, అక్షరం ప దాదాపు ఒకేలా ఉంటాయి. అంకె 2, అక్షరం ర కూడా అంతే. టైప్ చేసినవాళ్లు అంకెకు బదులు అక్షరం కొట్టేశారు. కాగితం మీద తేడా తెలియదు, మెషీన్‌లోకి ఎక్కిస్తే మాత్రం ధర లేని ఐటమ్‌గా చూపిస్తుంది. ధరల కాలమ్‌లో ర, ప అక్షరాల కోసం వెతికితే అన్నీ దొరికాయి. చివరికి పట్టికంతా 1, 2, 3 అంకెల్లోకే మార్చి, ముందు ₹ గుర్తు పెట్టాం. దాంతో కొన్నిచోట్ల రు., కొన్నిచోట్ల రూ. అని ఉన్న గొడవ కూడా పోయింది.

బోర్డు విషయంలో ఒక నిర్ణయం స్పెల్లింగు కోసం కాక పని కోసం తీసుకున్నాం. గుజరాతీకి హిందీలాగా తలకట్టు గీత లేదు. యాక్రిలిక్ అక్షరాలు కోసి అతికించేటప్పుడు సున్న చుక్క ఏ అక్షరానికీ తగలకుండా విడిగా ఉంటుంది, విడిగా అతికించాలి. మా రోడ్డులో చుక్కలు రాలిపోయిన బోర్డులు చాలా ఉన్నాయి. అందుకని శాండ్‌విచ్‌లో సున్న బదులు నకారం రాశాం. పట్టికలోనూ అదే పెట్టాం.

షాపు పేరును మాత్రం నేను ముట్టుకోలేదు. అందులో కోశం ప్రకారం గుడిదీర్ఘం రావాలి, షాపు నడపడానికి తీసుకున్న లైసెన్సులో, ఇక్కడ గుమాస్తా లైసెన్సు అంటారు, గుడి ఉంది. లైసెన్సు మార్పించుకుంటే అప్పుడు బోర్డూ మార్చవచ్చని కాకాకి చెప్పాను. వాళ్ల నాన్నగారు రాయించిన పేరు, అలాగే ఉండనివ్వు అన్నారు. బోర్డు మీద లైసెన్సులో ఉన్నట్టే వేశాం. సరిచేసిన షీటును వాళ్లబ్బాయి ఫోన్‌లోకి పంపాను. కొత్త ఐటమ్ ఏది చేర్చినా మాటను అందులోంచి కాపీ చేసుకోమని, చేత్తో మళ్లీ టైప్ చేయొద్దని చెప్పాను.