ముగ్గుపిండి మీద నా మడమ అచ్చు

ఈ సంక్రాంతికి టంగుటూరు దగ్గర మా మామగారి పొగాకు గోడౌన్‌లో రాకెట్‌బాల్ ఆడబోయి, పద్నాలుగేళ్ళ పిల్ల చేతిలో నా పరువు పోగొట్టుకున్నాను. ఇంకా మంట తగ్గలేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ముందు నా గురించి రెండు ముక్కలు. చెన్నైలో చదువుకునే రోజుల్లో, గదిలో గోడకేసి బంతి కొట్టే స్క్వాష్ నాలుగేళ్ళు ఆడాను. హాస్టళ్ళ పోటీలో ఫైనల్ దాకా వెళ్ళాను. ఇప్పుడు ఒంగోల్లో ఎరువుల షాపు పెట్టుకుని పొట్ట పెంచినా, నాలుగు గోడల మధ్య రాకెట్ పట్టుకుంటే నన్ను ఆపేవాడు మా చుట్టాల్లో లేడనే ధీమాతోనే ఉన్నాను. మా బావమరిది టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ వారానికి మూడు రోజులు రాకెట్‌బాల్ ఆడతాడు. పండక్కి వస్తూ రెండు రాకెట్లు, ఓ డబ్బా నీలం బంతులు తెచ్చాడు. "ఏం బావా, మీ స్క్వాష్‌కి మా ఆటకి పెద్ద తేడా ఏం లేదు, ఓ ఆట వేద్దామా?" అన్నాడు. ఆ 'పెద్ద తేడా ఏం లేదు' అన్న మాటే నన్ను ముంచింది.

కోర్టు కోసం ముందు ఊళ్ళో స్క్వాష్ కోర్టున్న ఒక క్లబ్బుకి వెళ్ళాం. ఆ సెక్రటరీ మూడు రోజులు తిప్పి, నాలుగో రోజు "కొత్త బంతి తగిలితే గోడ రంగు పోద్దండీ" అని తేల్చాడు. ఆ గోడకి రంగు మిగిలి ఉంటే గదా పోవడానికి! అయినా అది మంచికే జరిగింది. రాకెట్‌బాల్ కోర్టు 40 అడుగుల పొడుగు, 20 అడుగుల వెడల్పు. స్క్వాష్ కోర్టు 32 అడుగుల పొడుగు, 21 అడుగుల వెడల్పు. అక్కడ గీసినా గీతలు కుదిరేవి కావు. మామగారి గోడౌన్ వెడల్పు కొలిస్తే 19 అడుగుల 8 అంగుళాలు వచ్చింది. పొగాకు బేళ్ళు దిగడానికి ఇంకా టైముంది. 40 అడుగుల దగ్గర ప్లైవుడ్ అడ్డం పెట్టి, ఒక పూటలో గీతలు గీశాం.

ఆ గీతల సంగతి చెప్పాలి, నా గొడవంతా వాటి దగ్గరే. కోర్టుకి సరిగ్గా నడిమధ్యన, ముందు గోడకి 20 అడుగుల దూరంలో ఒక అడ్డగీత. అది షార్ట్ లైన్. దానికి 5 అడుగుల ముందు ఇంకో అడ్డగీత, సర్వీస్ లైన్. ఈ రెంటి మధ్య 5 అడుగుల పట్టీయే సర్వీస్ జోన్. సర్వీస్ చేసేవాడు అందులోనే నిలబడాలి, బంతిని అక్కడే ఒకసారి నేలకి కొట్టి లేపి అప్పుడు బాదాలి. బంతి మొట్టమొదట ముందు గోడకే తగలాలి, వెనక్కి వస్తూ షార్ట్ లైన్ దాటి నేల మీద పడాలి. దారిలో ఒక పక్క గోడకి తగిలినా పరవాలేదు. షార్ట్ లైన్‌కి 5 అడుగుల వెనక చుక్కల గీత ఇంకొకటి ఉంది. అది అందానికి గీశారేమో అనుకున్నాను. దాని విలువ తర్వాత తెలిసింది.

స్క్వాష్‌లో ఇలా ఉండదు. సర్వీస్ చేసేవాడు షార్ట్ లైన్ వెనక, పక్క గోడని ఆనుకుని ఉన్న చిన్న చదరంలో ఒక పాదం ఉంచితే చాలు. బంతిని చేతిలోంచి ఎగరేసి నేరుగా కొడతాడు. అది ముందు గోడ మీద 1.78 మీటర్ల గీతకి పైన తగిలి, అవతలి పావు భాగంలో పడాలి. అంత ఎత్తున తగలాలి కాబట్టి అక్కడ సర్వీస్ అంటే ఎక్కువగా ఆట మొదలుపెట్టడమే. రాకెట్‌బాల్‌లో గోడ మీద ఆ గీతా లేదు, కింద తగిలితే అవుటయ్యే రేకు పట్టీ కూడా లేదు. నేలకి జానెడు ఎత్తున కొట్టినా చెల్లుతుంది. అందుకే అక్కడ సర్వీసే సగం ఆట. దాన్ని కాపలా కాయడానికే ఇన్ని నిబంధనలు.

భోగి మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ గోడౌన్‌కి వచ్చేశారు. ప్లైవుడ్ మీద నుంచి తొంగి చూడటానికి బెంచీలు, ఒక నిచ్చెన. బావమరిది కూతురు అంపైరు. కళ్ళద్దాలు పెట్టుకోమంది, రాకెట్ తాడు మణికట్టుకి కట్టుకోమంది, రెండూ తప్పనిసరట. సరే అన్నాను. 15 పాయింట్ల ఆట, సర్వీస్ ఉన్నవాడికే పాయింటు. సర్వీస్‌కి రెండు అవకాశాలు: ఒకటి తప్పితే ఫాల్ట్, వరసగా రెండు తప్పితే సర్వీస్ అవతలి వాడికి పోతుంది. స్క్వాష్‌లో ఉండేది ఒక్కటే అవకాశం. రెండిచ్చారంటే ఇంక నాకేం భయం అనుకున్నాను.

మొదటి సర్వీస్ స్క్వాష్‌లో నాకు పేరు తెచ్చిన లాబ్. పైకి, మెల్లగా, ఎడమ గోడ వెంబడి జారేలా కొట్టాను. "ఫుట్ ఫాల్ట్, మామయ్యా" అంది.

నా పాదం ముందు గీత దాటలేదు. ఆ మాటే అన్నాను. "ముందు కాదు, వెనక" అంది. వెనక ఏంటి?

రెండోది ఇంకాస్త బలంగా కొట్టాను. నేల తగలకుండా నేరుగా వెనక ప్లైవుడ్‌కి దభీమని కొట్టుకుంది. "లాంగ్. సైడౌట్." ఒక్క ర్యాలీ లేకుండా సర్వీస్ పోయింది. నిచ్చెన మీద ఎవరో నవ్వారు. మా ఆవిడే అని నా అనుమానం.

బావమరిది రెండు పాయింట్లు తీసుకున్నాడు. మళ్ళీ నాకు సర్వీస్ వచ్చింది. మళ్ళీ లాబ్, మళ్ళీ ఫుట్ ఫాల్ట్, మళ్ళీ లాంగ్. మూడోసారీ ఇదే. ఆరు సర్వీసులు, ఒక్క ర్యాలీ లేదు. "ఏందయ్యా అల్లుడూ, గోడని కొట్టడానికి కూడా ముహూర్తం చూడాలా?" అన్నారు మామగారు.

నేను ఒప్పుకోలేదు. వెనక్కి అడుగే వెయ్యలేదని గట్టిగా వాదించాను. ఆ పిల్ల ఏం మాట్లాడకుండా బయటికి వెళ్ళి, వాకిట్లో ముగ్గు పెట్టగా మిగిలిన ముగ్గుపిండి డబ్బా తెచ్చి, షార్ట్ లైన్ వెనక జానెడు వెడల్పున చల్లింది. "ఇప్పుడు కొట్టండి" అంది. కొట్టాను. "కదలొద్దు" అంది. బంతి ఇంకా గాల్లో ఉండగానే నా కుడి మడమ అచ్చు పిండిలో దిగిపోయి ఉంది. అయిదేళ్ళ మా చిన్నోడు వచ్చి దాని పక్కన వాడి పాదం పెట్టి కొలుచుకున్నాడు.

అప్పుడర్థమైంది. స్క్వాష్‌లో బంతి రాకెట్‌ని వదలగానే మన పని అయిపోతుంది, వెంటనే కోర్టు మధ్యలోకి పరుగెత్తాలి. నాలుగేళ్ళు అదే చేసిన కాళ్ళు ఇక్కడా నన్ను అడగకుండానే వెనక్కి పోతున్నాయి. రాకెట్‌బాల్‌లో కొట్టిన బంతి ముందు గోడకి తగిలి తిరిగొచ్చి షార్ట్ లైన్ దాటేదాకా సర్వీస్ జోన్ వదలకూడదు. గీత తొక్కినా నడుస్తుంది, దాటి అవతల అడుగు పెట్టకూడదు. గట్టిగా కొట్టే డ్రైవ్‌లో బంతి రెప్పపాటులో దాటిపోతుంది కాబట్టి ఈ తప్పు బయటపడదు. లాబ్ తీరిగ్గా వస్తుంది, ఆలోపు అడుగు పడిపోతుంది. అంటే స్క్వాష్ వాళ్ళని పట్టిచ్చేది వాళ్ళు గొప్పగా చెప్పుకునే సర్వీసే.

లాంగ్ కూడా ఇలాంటిదే. స్క్వాష్ బంతి 40 మిల్లీమీటర్లు, వేడెక్కేదాకా మట్టి ముద్దలా ఉంటుంది. ఈ నీలం బంతి 57 మిల్లీమీటర్లు, లోపల గాలి, తాకితే చాలు ఎగిరిపోతుంది. పైగా స్క్వాష్ సర్వీస్‌లో బంతి నేల తాకకుండా వెనక గోడకి తగిలి ఆ పావు భాగంలోనే పడితే తప్పు కాదు. ఇక్కడ నేల తాకకుండా వెనక గోడకి తగిలితే ఫాల్ట్. పైకప్పుకి తగిలినా ఫాల్టే. ర్యాలీలో మాత్రం పైకప్పుకి కొట్టొచ్చు. స్క్వాష్‌లో ర్యాలీలో కూడా పైకప్పు అంటే అవుటే. మా గోడౌన్ రేకులకి తగిలిన బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి కాబట్టి, ర్యాలీలో కూడా రేకులు వద్దని మేం ముందే ఒప్పందం చేసుకున్నాం.

మొదటి ఆట 15–2తో పోయింది. ఆ రెండు కూడా బావమరిది జాలిపడి వదిలినవే అని ఇంట్లో ఇప్పటికీ అంటున్నారు. అబద్ధం.

రెండో ఆటలో లాబ్ మానేసి డ్రైవ్ మొదలుపెట్టాను. కింద నుంచి, ఎడమ మూలకి. రెండు పాయింట్లు వచ్చాయి. మూడో బంతి నా మోకాలి పక్క నుంచే దూసుకెళ్ళింది. "స్క్రీన్" అంది. మన ఒంటికి మరీ దగ్గరగా వెళ్ళి, వెనకున్న వాడికి బంతి కనపడకపోతే అదీ ఫాల్టే. స్క్వాష్ సర్వీస్‌లో ఇలాంటి తప్పే లేదు. అక్కడ ఇద్దరూ చెరో పక్కన నిలబడతారు. ఇక్కడ అవతలి వాడు మన వీపు వెనక ఉంటాడు. అయితే ఈసారి నేను ఊరుకోలేదు. నిబంధనల పుస్తకం ఇమ్మని అక్కడే కూర్చుని చదివాను. బంతి కనపడేలా మధ్యలో నిలబడాల్సిన బాధ్యత అవతలి వాడిదే అని రాసుంది. మా బావమరిది ఎడమ గోడకి అతుక్కుని ఉన్నాడు. ఆ పిల్ల తండ్రని చూడలేదు, "నాన్నా, మీరు మధ్యలోకి రండి" అని ఆ ఫాల్ట్ కొట్టేసింది. ఆ ఒక్క విషయంలో దానికి నా దండం.

ఒక పొరపాటు మాత్రం ఎవరూ చెయ్యొద్దు. మూలకి కొట్టి అడ్డంగా మళ్ళించే జడ్ సర్వీస్ ప్రయత్నించి ముందు గోడ బదులు పక్క గోడకి ముందు కొట్టాను. అది ఫాల్ట్ కాదు, అవుట్. రెండో అవకాశం ఉండదు. మొదటి సర్వీసే కదా అని బంతి కోసం చెయ్యి చాచి అలాగే నిలబడ్డాను.

చివరికి నన్ను కాపాడింది ఆ చుక్కల గీతే. ముందు గోడ మీద సుమారు 10 అడుగుల ఎత్తున మెత్తగా తగిలేలా కొడితే బంతి షార్ట్ లైన్ దాటగానే, చుక్కల గీతకి ఇవతల పడి ఛాతీ ఎత్తుకి లేస్తుంది. బంతి నేల తాకేదాకా లేదా ఆ గీత దాటేదాకా అవతలి వాడు గీత మీదుగా ఒళ్ళు కానీ రాకెట్ కానీ ముందుకి తేకూడదు. వాడు ఆగి కొట్టేసరికి బంతి భుజం దగ్గరుంటుంది, బలంగా బాదలేడు. లాంగ్ అయ్యే భయమూ లేదు. కాళ్ళకి మాత్రం ఒక కట్టుబాటు పెట్టుకున్నాను: బంతి నన్ను దాటి పోవడం కళ్ళతో చూసి, అప్పుడు రెండడుగులు వెనక్కి. ముగ్గుపిండి ఊడ్వనివ్వలేదు. అచ్చు పడకపోతే సరిగ్గా చేసినట్టే.

15–12తో ఓడాను. ఆ పిల్ల నోట్‌బుక్‌లో రెండో ఆటలో నా పేరు కింద ఫుట్ ఫాల్ట్‌లు సున్నా.

మీరూ మొదలుపెట్టేట్టయితే ఒక మాట. స్క్వాష్ కోర్టులోనే పెద్ద బంతితో ఆడే ఇంగ్లండు ఆట వేరే ఉంది. దాన్నీ రాకెట్‌బాల్ అనే పిలిచేవాళ్ళు, 2016 నుంచి స్క్వాష్ 57 అంటున్నారు. దుకాణంవాడు ఏది అంటగడతాడో చూసుకోండి, వాడికి రెండూ ఒకటే.

కనుమ వెళ్ళిన మూడో రోజు బావమరిది వాళ్ళు చెన్నైలో విమానం ఎక్కారు. నిన్న గోడౌన్‌కి వెళ్తే మామగారు బేళ్ళు దింపిస్తున్నారు. సర్వీస్ జోన్ నిండా పేర్చారు. షార్ట్ లైన్ వెనక పిండి చారలో మాత్రం చోటుంది. అక్కడ హమాలీల అడుగుల మధ్య మా చిన్నోడి పాదం అచ్చు ఇంకా కనపడుతోంది.